పార్టీలకు మెయిల్: తెలుగు లిపిలోనా, ఇంగ్లీషు అక్షరాల్లోనా?

గుంటూరు_మిర్చి:
మాది మిర్చి కమీషన్ కొట్టు. పార్టీలకు మెయిళ్లు ఇన్నాళ్లూ ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొడుతున్నాం. లిపికి మారదామంటే అవతల డబ్బాలు కనిపిస్తాయేమోనని భయం. ఏది మేలు?

పాత_డీటీపీ:
యూనికోడ్‌లో కొడితే ఇవాళ్టి ఫోన్లలో డబ్బాలు రావు. గోలంతా ప్రెస్సు వాళ్ల పాత ఫాంటులో టైపు చేసి మెయిల్లో అతికించినప్పుడే. అవతల ఆ ఫాంటు ఉండదు కాబట్టి ఇంగ్లీషు గుర్తుల చెత్త కనిపిస్తుంది. డబ్బాలు కనిపిస్తే అవతల తెలుగు ఫాంటు లేదని, చెత్త కనిపిస్తే తప్పు మీదేనని అర్థం.

లారీ_బాబాయ్:
తెలుగు అక్షరం పడితే ఐఫోన్లు ఆగిపోతాయని పేపర్లో వచ్చింది. నేను పంపను.

పాత_డీటీపీ:
బాబాయ్, అది 2018 ఫిబ్రవరి మాట. ఆ నెలలోనే `iOS 11.2.6`తో సరిచేశారు.

రమ_లెక్కలు:
నిరుడు మా లోడు మీద ట్రాన్స్‌పోర్టు వాళ్ల మెయిల్ ఇది:

```
ninna vaana padi bastalu tadisayi
```

"నిన్న వాన పడి బస్తాలు తడిశాయి" అని చదివి మా ఓనరుకు చెప్పాను. 200 బస్తాలూ పోయాయనుకుని లోడంతటికీ తరుగు ఒప్పేసుకున్నారు. తీరా తడిసింది పది బస్తాలు! ద, డ రెండూ `d` అయితే ఎలా చదవాలి? మాట పడింది మాత్రం నేను.

లారీ_బాబాయ్:
అది కామా తప్పు. వాన తర్వాత కామా ఉంటే గొడవే లేదు.

రమ_లెక్కలు:
హడావుడిలో మెయిల్ కొట్టేవాడు కామా పెడతాడా బాబాయ్? లిపిలో అయితే కామా లేకపోయినా పది పదే.

లారీ_బాబాయ్:
10 అని అంకె వేస్తే చచ్చేదా? కామా అయినా పెట్టాలి, అంకె అయినా వేయాలి.

చిన్నోడు_99:
పాత మెయిల్ వెతికి చూడండి. `bastalu`, `basthalu`, `bastaalu`. ఒక్కటీ దొరకదు 😀

లారీ_బాబాయ్:
నవ్వండి. మా ఆఫీసు చూసేది మా అబ్బాయి. ఇంగ్లీషు మీడియం. తెలుగు మాట్లాడతాడు, లిపి మాత్రం కూడబలుక్కుని చదువుతాడు. మీరు లిపిలో పంపితే వాడు నాకు ఫోన్ చేస్తాడు, నేనేమో స్టీరింగ్ మీద ఉంటాను. ఇక్కడందరూ వాడికి తెలుగు రాదని ఎగతాళి చేసేవాళ్లే.

రమ_లెక్కలు:
ఈ మాట ముందే చెప్పాల్సింది బాబాయ్, కామా పట్టుకుని వేలాడకుండా. మా ఓనరుకు ఇంగ్లీషు అక్షరాలే రావు. లిపిలో వస్తే ఆయనే చదువుకుంటారు, నేను మధ్యలో ఇరుక్కోను.

గుంటూరు_మిర్చి:
అయితే పార్టీ ఏ అక్షరాల్లో రాస్తే మేమూ వాటిలోనే జవాబిస్తాం. బస్తాలు, బరువు, రేటు అంకెల్లోనే వేస్తాం.

రమ_లెక్కలు:
ఒకే మెయిల్ మా ఓనరుకూ, బాబాయ్ వాళ్లబ్బాయికీ వెళ్లాల్సి వస్తే?