చిన్న స్క్రీన్‌షాట్‌లో ప, వ, 3, 8: ఊహించి టైపు చేయొచ్చా?

గుడిమెట్లు: గుడి చందాల జాబితా స్క్రీన్‌షాట్‌గా వచ్చింది. 24 పేర్లు, బొమ్మ వెడల్పు 320 పిక్సెళ్లే. 400 శాతం పెద్దది చేసినా ఒక ఇంటిపేరు పల్లూరా, వల్లూరా తెలియట్లేదు. మా ఊళ్లో రెండూ ఉన్నాయి. రెండు మొత్తాల్లో 3 ఉందో 8 ఉందో అనుమానం. నాకు తోచింది టైపు చేసేయొచ్చా?

బ్యాంకుబాబు: నాకూ ఇదే జరిగింది. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో సున్నానా, ఇంగ్లిష్ ఓ అక్షరమా అని గంట సేపు కొట్టుకున్నాను. తీరా అయిదో స్థానంలో ఎప్పుడూ సున్నానే ఉంటుందట. మీరూ ఏ స్థానంలో ఏం రావాలో చూసుకోండి.

గుడిమెట్లు: కోడ్‌కి ఆ సౌకర్యం ఉంది సార్, ఇంటిపేరుకి ఎక్కడిది?

లెక్కలమాస్టారు: అంకెల సంగతి తేలికే. కింద మొత్తం అచ్చయి ఉంటుందిగా. కూడి చూడండి, సరిపోతే అన్నీ కరెక్టే.

గుడిమెట్లు: మొత్తం 29,784. స్పష్టంగా ఉన్న 22 వరుసల్లో 1,116 ఇచ్చినవాళ్లు 12 మంది, 516 ఇచ్చినవాళ్లు 10 మంది. అంటే 18,552. మిగిలింది 11,232. ఏడో వరుస 3,116, పదిహేనో వరుస 8,116 వేస్తే సరిపోయింది. టెన్షన్ తీరింది!

అచ్చుతప్పు: ఆగండి. ఏడో వరుసలో 8,116, పదిహేనో వరుసలో 3,116 వేసినా వచ్చేది 11,232నే. ఒకటి 3, ఒకటి 8 అని తేలిందే తప్ప ఎవరిది ఏదో తేలలేదు. మూడు వేలు ఇచ్చినాయనకి ఎనిమిది వేలు రాశారనుకోండి, రెండు ఇళ్లలోనూ గొడవే.

మీ బొమ్మలోనే ఆధారం ఉంది. పక్కన వరుస సంఖ్యలు ఉన్నాయి కదా. 3, 13, 23 దగ్గర ఉన్నది కచ్చితంగా మూడే. 8, 18 దగ్గర కచ్చితంగా ఎనిమిదే. అక్షరాల సైజు ఒకటేనా అని ముందు చూసుకుని, వాటిని కత్తిరించి అనుమానపు అంకె పక్కన పెట్టండి. చూడాల్సింది అంకె ఎడమ అంచు. 3కి అక్కడ రెండు చోట్ల తెరిచి ఉంటుంది కాబట్టి అంచు లేత రంగులో కనిపిస్తుంది, 8కి నల్లగా ఉంటుంది. ఒక్క నమూనాతో తేల్చేయకండి. బొమ్మను కుదించినప్పుడు ఒకే అంకె పిక్సెళ్ల మీద ఒక్కో చోట ఒక్కోలా పడుతుంది. అందుకే అయిదింటినీ చూడమంటున్నాను. కింది మొత్తంలోని 8ని మాత్రం వదిలేయండి, ఆ వరుస చాలాసార్లు బోల్డ్‌లో ఉంటుంది.

పేరుకీ ఇదే పద్ధతి. జాబితాలో వరలక్ష్మి, పద్మావతి లాంటి పేర్లుంటే వాటి మొదటి అక్షరాలే మీ కొలబద్ద. ప తలకట్టు ఒంటికి అంటదు, వకి అంటుతుంది. మీ సైజులో ఆ సందు ఒక్క పిక్సెల్ ఉంటే ఎక్కువ.

ఫొటోషాపన్న: ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసుంటారు. అది చుట్టుపక్కల రంగులు కలిపి నున్నగా చేస్తుంది, ఆ సందు బూడిద రంగులో మునిగిపోతుంది. కంప్యూటర్‌లో ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రామ్‌తో పిక్సెల్‌ని పిక్సెల్‌గానే పెంచండి:

```
magick chinna.png -sample 400% pedda.png
```

అచ్చుతప్పు: సందు ఉందా లేదా చూడ్డానికి అదే మంచిది. కానీ గళ్లు గళ్లుగా ఉంటే మాట మొత్తంగా చదవడం కష్టం. నేను రెండూ తెరిచి పెట్టుకుంటాను, గళ్ల బొమ్మని కాస్త దూరం నుంచి కళ్లు చికిలించి కూడా చూస్తాను. ఇంకోటి, అది జేపీఈజీ అయితే అక్షరాల చుట్టూ ఉన్న బూడిద మచ్చల్ని గీతలనుకోకండి. ఆ పద్ధతి బొమ్మని 8×8 పిక్సెళ్ల గడులుగా కుదిస్తుంది. మీ అక్షరం ఇంచుమించు ఒక గడి అంతే.

ఫొటోషాపన్న: అంత కష్టం ఎందుకు, షార్పెన్ కొడితే సరి.

అచ్చుతప్పు: కొడితే ఆ మచ్చలే గీతలవుతాయి. లేని తలకట్టు కూడా మొలుస్తుంది.

గుడిమెట్లు: చేశాను. ఏడో వరుసలో అంకె ఎడమ అంచు 8, 18లతో కలిసింది. పదిహేనోది 3, 13లకి దగ్గరగా ఉంది, 23 మాత్రం కొంచెం తేడాగా ఉంది. అంటే నేను ముందు వేసింది తారుమారు! పేరు మాత్రం తేలలేదు. వరలక్ష్మి వలో సందు లేదు సరే, పద్మావతి పలోనూ కనబడట్లేదు.

అచ్చుతప్పు: అయితే ఆ సందు కుదించినప్పుడే పోయింది. ఇక ఎంత పెంచినా రాదు. పంపినాయన్ని అసలు ఫైలు డాక్యుమెంట్‌గా పంపమనండి. అప్పటిదాకా "[ప/వ]ల్లూరి" అని ఉంచండి.

లెక్కలమాస్టారు: గుడి నోటీసు బోర్డు మీద చందా ఇచ్చినాయన పేరు ప్రశ్నలా పెడతారా? బాగుండదు. ఊళ్లో ఎవరు ఎక్కువుంటే వాళ్ల పేరే వేసేయండి.

అచ్చుతప్పు: తప్పు పేరు వేస్తే బాగుంటుందా మాస్టారూ?

గుడిమెట్లు: పంపినాయన ఫోన్ ఎత్తట్లేదు. బోర్డు రేపు పొద్దున పెట్టాలి.