‘ఉతికిన’ తరువాత ‘గాని’ ఉండవచ్చా?

గాజువాక నుంచి ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు:
తొమ్మిదో తరగతి పిల్లలకు ‘అతడు ధనవంతుడైనా విచారంగా ఉన్నాడు’ అన్న వాక్యమిచ్చి ఇంగ్లీషులో రాయమన్నాను. చాలామంది ‘ఆల్దో హీ ఈజ్ రిచ్, బట్ హీ ఈజ్ శాడ్’ అని రాశారు. ఆల్దో ఉంటే బట్ అక్కరలేదని, బట్ ఉంచితే ఆల్దో తీసేయాలని దిద్దాను. అప్పుడు ఒక అమ్మాయి లేచి, వేమన పద్యంలో రెండూ ఉన్నాయి కదా టీచర్ అని అడిగింది. ‘ఎలుక తోలు దెచ్చి ఏడాది యుతికిన, నలుపు నలుపె గాని తెలుపు...’ ఆ తరువాతది ‘కాదు’ అనో ‘రాదు’ అనో గుర్తుకు రావడం లేదు. ‘ఉతికిన’ ఆల్దోకూ ‘గాని’ బట్‌కూ సమానమే అయితే, వేమనలో ఒప్పు అయినది ఆ పిల్ల వాక్యంలో తప్పు ఎలా అవుతుంది? పెద్దలు చెప్పాలి.

ఎంవీపీ కాలనీ నుంచి ఒక విశ్రాంత తెలుగు పండితులు:
అమ్మా, ‘తెలుపు కాదు’, ‘తెలుపు రాదు’ అనే రెండు పాఠాలూ వాడుకలో ఉన్నాయి. గణాలు రెండింటికీ సరిపోతాయి కనుక ఛందస్సు ఈ తగవు తీర్చదు. మీ విద్యార్థిని అడిగినది మాత్రం చాలా మంచి ప్రశ్న. పద్యంలో ‘ఉతికిన’ కలుపుతున్నది ఉతకడాన్నీ, నలుపు పోకపోవడాన్నీ. ‘గాని’ కలుపుతున్నది నలుపునూ తెలుపునూ. ‘ఏడాది ఉతికినా నలుపే’ అని ఆపితే అది పూర్తి వాక్యమే. ఉతకడం మాట ఎత్తకుండా ‘నలుపే గాని తెలుపు కాదు’ అన్నా అదీ పూర్తి వాక్యమే. రెండు మాటలూ వేరువేరు జతలను కలుపుతున్నాయి కనుక ఒకదానికొకటి అడ్డు రావు. పిల్లలు రాసిన వాక్యంలో ఆల్దో, బట్ రెండూ ఆ ధనాన్నీ ఆ విచారాన్నీ కలపబోతున్నాయి, అందుకే ఒకటి మిగిలిపోతున్నది. కావాలంటే ఆ అమ్మాయికి ‘ఆల్దో హీ ఈజ్ రిచ్, హీ ఈజ్ నాట్ ప్రౌడ్ బట్ హంబుల్’ అనే వాక్యం చూపించండి. ఇందులో రెండు మాటలూ ఉన్నాయి, తప్పు లేదు. ఇక్కడి బట్ గర్వాన్ని కాదని వినయాన్ని నిలబెడుతున్నది. వేమన ‘గాని’ చేసే పని సరిగ్గా అదే.

రైల్వే న్యూ కాలనీ నుంచి ఒక ఉద్యోగి:
మాస్టారు చెప్పినది బాగుంది, కానీ పిల్లల తప్పుకు మూలం వేరే ఉంది. ఇది హిందీ నుంచి వచ్చినది. నాతో పనిచేసే ఉత్తరాది వారు ‘హాలాఁకి’ అని మొదలుపెడితే మధ్యలో ‘లేకిన్’ అనకుండా వాక్యం ముగించరు. సంస్కృతంలోనూ ‘యద్యపి’ అంటే ‘తథాపి’ అనవలసిందే. ‘యద్యపి శుద్ధం తథాపి లోకవిరుద్ధం’ అని పెద్దలు అననే అన్నారు.

పండితులు:
హిందీ విషయంలో మీరన్నది నిజం. అయితే ఆ సూక్తిలో ‘తథాపి’ లేదండీ. ‘యద్యపి శుద్ధం లోకవిరుద్ధం నాచరణీయం’ అనే అంటారు. ‘యద్యపి’ ఉన్నచోట ‘తథాపి’ తరచుగా వస్తుంది గాని, రాకపోయినా దోషం లేదనడానికి మీరు చెప్పిన మాటే సాక్ష్యం.

మధురవాడ నుంచి బ్యాంకు పరీక్షలకు చదువుతున్న ఒక యువకుడు:
నమస్కారమండీ. తప్పు కనిపెట్టే ప్రశ్నల్లో నాకు ఈ వాక్యం చాలాసార్లు ఎదురైంది. ఆల్దో తరువాత బట్ కనిపిస్తే దాన్ని తీసి ‘యెట్’ పెట్టాలని కోచింగ్‌లో చెప్పారు. ఒక మాదిరి పరీక్షలో నేను బట్ తీసేసి కామా మాత్రం ఉంచితే తప్పన్నారు. యెట్ తప్పనిసరా? కామా చాలదా?

ద్వారకా నగర్ నుంచి ఒక అనువాదకురాలు:
కామా చాలు, తమ్ముడూ. యెట్ తప్పనిసరి కాదు, పెడితే తప్పూ కాదు. పాత ఇంగ్లీషు బైబిలులో యోబు గ్రంథం 13వ అధ్యాయం 15వ వచనం ‘దో హీ స్లే మీ, యెట్ విల్ ఐ ట్రస్ట్ ఇన్ హిమ్’ అని ఉంటుంది. యెట్ అక్కడ ‘అయినా సరే’ అని ఊతమిచ్చే మాటగా నిలుస్తుంది, బట్‌కు ఆ వెసులుబాటు లేదు.

ఇక హిందీ వాదన సంగతి. గాజువాక పిల్లలు ఇంట్లో హిందీ మాట్లాడరు కదా, వాళ్ళ తప్పుకు మూలం తెలుగు వాక్యపు అమరికలోనే ఉందని నా నమ్మకం. ‘ధనవంతుడైనా’ అన్నప్పుడు మన ‘ఐనా’ మొదటి భాగం చివర అతుక్కుని ఉంటుంది. ఇంగ్లీషులో ఆ పని చేసే ఆల్దో మొదటి భాగం తలమీదికి ఎక్కి కూర్చుంటుంది. పిల్లవాడు నేర్చుకున్న ప్రకారం ఆల్దోతో మొదలుపెట్టి, ‘రిచ్’ దాకా వచ్చి, మనకు ‘ఐనా’ వినబడవలసిన చోట ఏమీ లేకపోయేసరికి అక్కడ బట్ వేస్తాడు. ఇదే కారణంగా ఇంతకంటే ప్రమాదకరమైన తప్పు ఇంకొకటి చేస్తారు. ఆల్దో అంటే ‘అయినప్పటికీ’ అని బట్టీపట్టి, మనం ఆ మాటను రెండు వాక్యాల నడుమ వాడినట్లే ‘హీ ఈజ్ రిచ్ ఆల్దో హీ ఈజ్ శాడ్’ అని రాస్తారు. వ్యాకరణం చక్కగా ఉంటుంది కనుక దిద్దేవారి కన్ను దాటిపోతుంది. అర్థం మాత్రం తలకిందులై, ‘విచారంగా ఉన్నా ధనవంతుడే’ అని తేలుతుంది. టీచర్ గారూ, ఈ రకం కాగితాలు కూడా ఉన్నాయేమో చూడండి.

ఉపాధ్యాయురాలు:
ఉన్నాయండీ. వాటికి సరి అని మార్కు వేశాను, మళ్ళీ తీసి చూస్తాను. ఒక చిన్న సందేహం. మా వైపు ‘ఎంత చెప్పినా గానీ వినడు’ అంటాం కదా. అక్కడ ‘చెప్పినా’, ‘గానీ’ రెండూ ఒకే జతను కలపడం లేదా?

పండితులు:
లేదని నా అభిప్రాయం. ఆ ‘గానీ’ బట్ కాదు, ‘కానివ్వు’ అనే అర్థమున్న ‘కానీ’. ‘ఏమైనా కానీ’, ‘ఎవరైనా కానీ’ అన్నప్పుడు వినబడేది అదే. ‘చెప్పినా సరే వినడు’ అని మార్చి చూడండి, అర్థం చెడదు. వేమన ‘గాని’ స్థానంలో ‘సరే’ పెడితే పద్యం కూలిపోతుంది. ‘ని’కి దీర్ఘం ఉన్నదా లేదా అన్నది గమనించాలి.

అనువాదకురాలు:
మాస్టారూ, దీర్ఘం మీద అంత భారం వేయలేమండీ. మీరు ‘బాగుంది, కానీ’ అన్నప్పుడూ దీర్ఘమే పలుకుతారు, అక్కడ అది అచ్చమైన బట్ కదా. ‘సరే’ పరీక్షను ఒప్పుకుంటాను, దీర్ఘాన్ని ఒప్పుకోను.

రైల్వే ఉద్యోగి:
దీర్ఘం మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. పద్యంలో ‘ఉతికినా’ అని దీర్ఘం పెడితే గణం తప్పుతుంది కదా? హ్రస్వం ఉన్నప్పుడు అది ‘ఉతికితే’ అనే అర్థం కూడా ఇస్తుంది. అలాంటప్పుడు పద్యంలో ఆల్దోయే లేదన్నమాట.

పండితులు:
గణం తప్పదు. ‘యుతికిన’ నలము, ‘యుతికినా’ నగము, రెండూ ఇంద్రగణాలే. హ్రస్వరూపానికి ‘ఉతికితే’ అనే అర్థం ఉన్నమాట నిజమే గాని, ‘ఏడాది’ అన్న మాట పక్కన చేరాక ‘ఎంత ఉతికినా’ అనే అర్థమే నిలుస్తుంది.

ఉద్దానం నుంచి వచ్చి సీతమ్మధారలో స్థిరపడిన ఒకరు:
అందరూ ‘ఎలుక తోలు’ అనే అంటున్నారు. అది ‘ఎలుగు తోలు’ అండీ. మా జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, వాటి నలుపు ఎలాంటిదో మాకు తెలుసు. ఎలుక బూడిదరంగు, నలుపు అనడానికి అది తగదు.

పండితులు:
‘ఎలుగు’ పాఠం కూడా వినబడుతుంది. రెండూ మూడేసి లఘువులే, యతికి కావలసిన ‘ఎ’ రెండింటిలోనూ ఉంది. నా ఓటు ఎలుకకే. ఎలుగు తోలును పట్టుకొచ్చి ఏడాది పాటు ఎవరు ఉతుకుతారు?

ఉద్దానం వారు:
ఎలుక తోలునైనా ఎవరు ఉతుకుతారు మాస్టారూ? జరగని పని కనుకనే వేమన ఆ మాట అన్నాడు.