అప్‌డేట్: ఎంత ఉతికినా మరక పోని చీర కల

నా పాత ప్రశ్న: "అమ్మ చీర ఉతుకుతున్నట్టు వారానికి మూడు నాలుగు సార్లు కల వస్తోంది. ఎంత రుద్దినా మరక పోదు. ఎందుకు?"

సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. కలల ఫలితాల పుస్తకాలు, పడుకునే ముందు స్నానం నాకు పనిచేయలేదు. సైకాలజిస్టు మాత్రం ఆ మరక ఎప్పటిదని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది: చివరి రోజుల్లో అమ్మ మందు ఒలకబోసుకుంటే విసుక్కున్నాను. నీలం నేతచీర మీద పచ్చటి చార. ఎవరికీ చెప్పలేదు.

కల ముగింపు మార్చి రాయమన్నారు. మరకతోనే చీరను దండెం మీద ఆరేసినట్టు రాసుకుని, రోజూ పగలు 10 నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకున్నాను. మొదటి వారం తేడా లేదు. తర్వాత అక్కకు ఫోను చేసి జరిగిందంతా చెప్పి ఏడ్చాను. మూడో వారం నుంచి కల తగ్గింది. పోయిన నెల ఒక్కసారి వచ్చింది. అందులో నేను చీర రుద్దడం లేదు, మడత పెడుతున్నాను.