అప్‌డేట్: మెయింటెనెన్స్‌ను ఆపరేటర్ లేని షిఫ్టుకు మార్చాం

నా ప్రశ్న: గ్రైండింగ్ మెషిన్‌కు బుధవారం పగలు 4 గంటల మెయింటెనెన్స్ ఉంది, గురువారం రెండో షిఫ్టులో ఆపరేటర్ సెలవు. షెడ్యూల్ ఎలా వేయాలి?

మెయింటెనెన్స్‌ను గురువారం రెండో షిఫ్టులోకే జరిపాం. ముందు ప్లాన్‌లో 4 గంటల మెయింటెనెన్స్, ఆపరేటర్ లేని 8 గంటలు కలిపి 12 గంటలు పోయేవి. రెండూ ఒకదానిమీద ఒకటి పడ్డాక పోయేది 8 గంటలే.

మెయింటెనెన్స్ వాళ్లు సాయంత్రం 6కి పని ముగించినా, షెడ్యూల్‌లో మెషిన్‌ను అప్పుడే ఖాళీగా చూపకూడదు. వీల్ డ్రెస్ చేసి, మొదటి పీస్ కొలిచి ఓకే చెప్పాల్సింది ఆపరేటరే. అందుకే మూడో షిఫ్టు మొదటి అరగంట దానికే వదిలాం. షీట్‌లో అది కనపడకపోతే ప్లానింగ్ వాళ్లు అక్కడా ఒక జాబ్ దూర్చేస్తారు!

ఒక్క టెన్షన్ మిగిలింది. రెండో షిఫ్టులో స్టోర్ మూసి ఉంటుంది, మెయింటెనెన్స్‌కు కావాల్సిన స్పిండిల్ బెల్టును స్టోర్ నుంచి మధ్యాహ్నమే తీసి పెట్టుకోవాలి.