ఫొటోలోని గోడకు అద్దం పటం పెట్టాను, అందులో కిటికీ ప్రతిబింబం స్టిక్కర్‌లా ఉంది. ఎలా సరిచేయాలి?

అందరికీ నమస్కారం. మాది వైజాగ్ ఎంవీపీ కాలనీ. హాల్లో ఖాళీ గోడ ఉంది. అక్క వేసిన యారాడ కొండ వాటర్ కలర్‌కి ఫ్రేమ్ కట్టించే ముందు ఎలా ఉంటుందో చూద్దామని, ఆ గోడను ఏటవాలుగా ఫొటో తీసి ఫొటోషాప్‌లో బొమ్మ పెట్టాను.

ఏటవాలు బాగానే కుదిరింది. సీలింగ్ గీత, స్కర్టింగ్ గీత ఎక్కడ కలుస్తాయో చూసుకుని, Distort తో ఫ్రేమ్ పై అంచు, కింది అంచు అక్కడికే పోయేలా లాగాను.

చిక్కంతా అద్దంతోనే. ఎదురు గోడ కిటికీని విడిగా ఫొటో తీసి, అద్దం నిండా పరిచి Screen లో పెట్టాను. అచ్చం అతికించినట్టుంది!

తర్వాత లెక్క వేశాను. కెమెరా గోడకు 6 అడుగుల దూరం, కిటికీ అదే గోడకు 12 అడుగుల దూరం. అంటే కిటికీ ప్రతిబింబం గోడకు 12 అడుగులు వెనక, కెమెరాకు 18 అడుగుల దూరంలో ఉన్నట్టు. కాబట్టి 3 అడుగుల కిటికీ అద్దం మీద అడుగు వెడల్పే కనిపించాలి, కుడిఎడమలు తారుమారై. అంతేనా?

కిటికీ ఫొటోను ముందు మూడో వంతుకు తగ్గించి, తిప్పి, ఫ్రేమ్‌కి వాడిన Distort లోనే కలిపి లాగితే సరిపోతుందా, లేక దానికి వేరే ఏటవాలు కావాలా? రెండు గోడలూ సమాంతరమే.

ఇంకోటి, మామూలు అద్దం తన మీద పడిన వెలుగులో సుమారు 8 శాతమే తిప్పికొడుతుందట. అలాగని Screen లేయర్ Opacity 8% పెడితే ఏమీ కనబడట్లేదు, 30% పెడితే కొండ నీలం పాలిపోతోంది. చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.