అరగంట మాట్లాడే అతిథిని ‘రెండు మాటలు’ చెప్పమనవచ్చా?

డిగ్రీ విద్యార్థిని: ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి మా కాలేజీకి ఒక రిటైర్డ్ టీచర్ వస్తున్నారు. గిడుగు రామమూర్తి పంతులు సవర గిరిజనుల భాష కోసం చేసిన పని మీద అరగంట ప్రసంగం. పరిచయం నాకు అప్పజెప్పారు. గిడుగు 1863లో పుట్టడం, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పడం, సవర నేర్చుకుని నిఘంటువు తయారుచేయడం అన్నీ రాశాను. చివర్లో ‘వారిని రెండు మాటలు మాట్లాడవలసిందిగా కోరుతున్నాను’ అన్నాను. ‘వారిని’ అనాలా, ‘వారు’ అనాలా?

తెలుగు మాస్టారు: ‘వారిని’ సరైనదేనమ్మా. నాకు ఇబ్బంది ‘రెండు మాటలు’ దగ్గరే. సభలో అనుకోకుండా కనబడిన పెద్దమనిషిని పిలిచేటప్పుడు అలా అంటాం. అరగంటకు సిద్ధపడి వచ్చినాయన వింటే, టైము తగ్గించారేమో అనుకుంటారు. ఇక గిడుగు జీవితమంతా నువ్వే చెప్పేస్తే అతిథికేం మిగులుతుంది? ఆ అతిథి సంగతి ఒక్కటి చెప్పు.

విద్యార్థిని: సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు సార్.

మాస్టారు: అది చాలు.

యాంకరింగ్ చేసే కుర్రాడు: పేరు మాత్రం చివరిదాకా దాచాలి. సస్పెన్స్ ఉంటుంది.

మాస్టారు: గేటు దగ్గర ఫ్లెక్సీ మీద ఫొటోతో సహా వేశాక సస్పెన్స్ ఎక్కడిది బాబూ! అయినా పేరు చివర రావడం మంచిదే. పేరు వినగానే చప్పట్లు పడతాయి, ఆయన లేస్తారు. కానీ మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా. ‘ఫలానా గారిని ఈ అంశం మీద ప్రసంగించవలసిందిగా...’ అంటుంటే పేరు దగ్గరే చప్పట్లు మొదలై, అంశం అందులో కొట్టుకుపోతుంది. విడగొట్టు: ‘సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠాలు చెప్పిన మాస్టారు ఈయన. ఇవాళ్టి అంశం గిడుగు, సవర భాష. మాట్లాడేవారు ఫలానా గారు.’ అక్కడ ఆగిపో.

గృహిణి: మా అపార్ట్‌మెంట్ ఉగాది సభలో సన్మానపత్రం ప్రసంగానికి ముందే చదివారు. అదీ తప్పేనా?

కుర్రాడు: అది వేరే గొడవ ఆంటీ. మాస్టారూ, ‘కోరుతున్నాను’ లేకపోతే పెద్దాయనను పిలిచినట్టే ఉండదు, అనౌన్స్‌మెంట్‌లా ఉంటుంది.

మాస్టారు: మర్యాద చేతల్లో చూపించవచ్చు. ఆయన మైకు దగ్గరికి వచ్చేదాకా అక్కడే ఉండి, నమస్కారం పెట్టి పక్కకు జరగాలి. ‘మాట్లాడేవారు అనగానే మీరు లేవచ్చు’ అని ముందే ఆయన చెవిన వేయాలి.

కుర్రాడు: నేనైతే ‘కోరుతున్నాను’ వదలను.

విద్యార్థిని: రెండూ పైకి చదివి చూస్తాను. ఇంకోటి, ‘శ్రీ’ పెట్టాక ‘గారు’ కూడా అవసరమా?