14 నెలల బాబుకి ఏ పాలు: పాలాయన పోసేవా, ప్యాకెట్టా, టెట్రానా?

కూకట్‌పల్లి_కోడలు:
మా అత్తయ్య పాలాయన దగ్గర గేదె పాలే పోయించుకోవాలంటారు. మా వారు టెట్రా ప్యాకులు అట్టపెట్టెలతో దింపేస్తున్నారు. నేను మామూలు ప్యాకెట్ వాడతాను, అవి పోయిన వారం రెండుసార్లు విరిగాయి. టెట్రా పాలు బయటే అన్ని నెలలు ఎలా ఉంటాయి? ఏదైనా మందు కలుపుతారా? బాబుకి ఏవి పట్టాలి?

నాలుగు_గేదెలు:
పాలన్నాక కాచకపోతే సాయంత్రానికి విరగాలమ్మా. నెలల తరబడి విరగనివి పాలు కావు, మందు నీళ్లు. మీ అత్తగారి మాట వినండి. మా ఇంట్లో పిల్లలంతా గుమ్మపాలు తాగి పెరిగినవాళ్లే.

ల్యాబ్_మాస్టారు:
ముప్పై ఏళ్లు డెయిరీ ల్యాబులో పాలు పరీక్ష చేసిన వాణ్ణి, కాస్త వివరంగా చెబుతాను. మామూలు ప్యాకెట్ పాలని 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లారుస్తారు. దాంతో రోగాలు తెచ్చే క్రిములు చస్తాయి కానీ వేడికి ఓర్చుకునేవి కొన్ని మిగులుతాయి. చల్లగా ఉన్నంతసేపు అవి పడుకుంటాయి, వెచ్చబడితే లేస్తాయి. టెట్రా పాలని 135 డిగ్రీలు దాటించి కొద్ది సెకన్లు ఉంచుతారు, మొండి గింజల్లాంటి క్రిములు కూడా మిగలవు. తర్వాత గాలి తగలకుండా, ముందే క్రిములు లేకుండా చేసిన డబ్బాలో నింపుతారు. నిలవుండటానికి కారణం అంతే. మందు కలపడానికి చట్టం ఒప్పుకోదు, అవసరమూ లేదు.

నమ్మకం లేకపోతే ఒక డబ్బా కత్తిరించి గ్లాసులో పోసి గట్టు మీద పెట్టండి. మందు ఉంటే చెడవు. మామూలు పాలలాగే చెడిపోతాయి, చూడండి.

మీ ప్యాకెట్ ఎందుకు విరిగిందో చెప్పాలంటే ఒకటి తెలియాలి. గేటుకి తగిలించిన సంచిలో ఎంతసేపు ఉంటుంది?

డల్లాస్_బావ:
ఇక్కడ గ్యాలన్ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి కాచకుండానే తాగుతాం. మీరంతా ఇంకా పాలు కాస్తున్నారా?

నాలుగు_గేదెలు:
అందుకే అక్కడ పెరుగు కూడా డబ్బాలో కొనుక్కుంటారు.

కూకట్‌పల్లి_కోడలు:
కుర్రాడు నాలుగున్నరకి వేస్తాడండీ. నేను లేచి తీసేసరికి ఏడు అవుతుంది. ఆ రెండుసార్లూ కరెంటు కూడా పోయింది.

ల్యాబ్_మాస్టారు:
దొరికింది. ఎండాకాలంలో రెండున్నర గంటలు బయట వేలాడితే అప్పటికే పులుపు మొదలవుతుంది. ఆ తర్వాత ఫ్రిజ్ కూడా ఆగింది. నోటికి తెలియని పులుపు కూడా కాచేటప్పుడు బయటపడుతుంది. ముందు గరిటెలో రెండు చెంచాలు కాచి చూడండి. అది విరిగితే గిన్నెడు పాలు స్టవ్ ఎక్కించే పని ఉండదు. ల్యాబులో మేం చేసేదీ దాదాపు ఇదే, గరిటె బదులు గాజు గొట్టం.

డల్లాస్ బాబు మాట అక్కడికి సరే. డెయిరీ నుంచి ఫ్రిజ్ దాకా చల్లదనం తెగకపోతే కాచక్కర్లేదు. మన గేటు సంచికి ఆ హామీ లేదు కాబట్టి తెచ్చిన వెంటనే ఒక్కసారి పొంగు వచ్చేదాకా కాచండి. పూటపూటా మళ్లీ మళ్లీ మరిగించవద్దు.

నాలుగు_గేదెలు:
చూశారా, ప్యాకెట్‌ని మళ్లీ కాచాల్సిందే. మరి రెండుసార్లు వేడి ఎందుకు? మా పాలు ఒక్కసారి కాస్తే చాలు. మీగడ వేలెడు మందం కడుతుంది. ప్యాకెట్ మీద ఏది మీగడ?

పెరుగు_పిచ్చి:
మీగడ వాదన వద్దు సార్. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, గేదె పాలలో దానికి రెట్టింపు. పైగా చాలా ప్యాకెట్లలో కొవ్వుని చితగ్గొట్టి పాలలో కలిపేస్తారు, పైకి తేలదు. కాచడానికీ దీనికీ సంబంధం లేదు.

కానీ టెట్రా పాలతో పెరుగు మాత్రం నాకు గట్టిగా రాలేదు. మెత్తగా, సాగుతూ వచ్చింది. తాగితే కూడా ఏదో అతిగా కాగిన వాసన.

ల్యాబ్_మాస్టారు:
వాసన నిజమే, అంత వేడికి పాల మాంసకృత్తులు మారతాయి. పెరుగు మెత్తబడటానికీ అదే కారణం. అయినా తోడుకుంది కదా. తోడుకుందంటేనే అందులో క్రిముల్ని ఆపే మందు లేదని అర్థం.

ఉప్పల్_రాజీ:
మా పాలాయన పాలు మూడు రోజులు వరసగా తోడుకోలేదు! విరగలేదు, వాసన లేదు, తెల్లారి చూస్తే పాలలాగే ఉన్నాయి. మా అమ్మ తోడు చెడిందని పక్కింటి నుంచి తెచ్చింది. అయినా అంతే. నాకు మాత్రం ఆ మనిషి మీద నమ్మకం పోయింది.

ల్యాబ్_మాస్టారు:
గేదెకి పొదుగువాపు వచ్చి యాంటీబయాటిక్ ఇచ్చి ఉండవచ్చు. మందు పాలలోకి దిగుతుంది, అది తోడుని కూడా చంపుతుంది. మందు మీద రాసిన గడువు దాటేదాకా ఆ పాలు పారబోయాలి. కాచినా మందు పోదు. విరగకపోవడం కూడా మంచికి గుర్తు కాదు. కొందరు వంటసోడా కలిపి పులుపు చంపేస్తారు.

నాలుగు_గేదెలు:
అంటే మేమంతా సోడా కలిపేవాళ్లం, సూదులు పొడిచేవాళ్లం! మాస్టారూ, మీ ప్యాకెట్లోకి వచ్చేవి ఎవరి పాలు? ఆకాశం నుంచి కురుస్తాయా? మా ఊరి కేంద్రంలో నేనూ పోశాను. పొద్దున ఫ్యాట్ ఏడు, అదే గేదె సాయంత్రం ఐదున్నర. అడిగితే మిషన్ అంతే అన్నాడు. అక్కడ మా పాలకి విలువ లేదు. ప్యాకెట్లో పోసి బొమ్మ వేస్తే మాత్రం విలువ వచ్చేస్తుంది. అందుకే నేను నేరుగా ఇళ్లకి పోస్తున్నాను. మీలాంటి వాళ్లు ఒక మాట అంటే నాకు మూడిళ్లు పోతాయి.

ఉప్పల్_రాజీ:
నేను మిమ్మల్ని అనలేదు కదండీ.

ల్యాబ్_మాస్టారు:
తమ్ముడూ, నీ కోపం సగం న్యాయం. 2018లో దేశమంతా 6,432 నమూనాలు తీశారు. ప్రమాదకరమైన కల్తీ దొరికింది 12 లోనే, అందులో 9 తెలంగాణవి. ఇంకొక మాట, బూజు పట్టిన దాణా వల్ల పాలలోకి వచ్చే విషం 5.7 శాతం నమూనాల్లో హద్దు దాటింది. అది విడి పాలకంటే ప్యాకెట్లలోనే ఎక్కువ. వేడి చేస్తే అది పోదు, 72 అయినా 135 అయినా. ఇక గేదెకిచ్చిన మందు, డెయిరీలో వందలమంది పాలు కలిసినప్పుడు పలచబడుతుంది, మాయం కాదు. కేంద్రం దగ్గర ఆపితేనే ఆగుతుంది. కొన్ని చోట్ల ఆపుతారు.

కానీ గుమ్మపాలు గొప్ప అన్నావే, అది మాత్రం ఒప్పుకోను. ఈసుడు రోగం ఉన్న గేదె పాలు పచ్చిగా తాగితే నెలల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు. గేదె బాగానే కనిపిస్తుంది. కాస్తే ఆ భయం పోతుంది.

నాలుగు_గేదెలు:
కాచకుండా తాగమని కోడలమ్మకి నేను చెప్పలేదు. మా ఇంటి మాట చెప్పాను. ఇక మందు సంగతి. ఏ గేదెకి ఏ రోజు సూది వేయించానో నేను గోడ మీద రాస్తా. వచ్చి అడిగినవాడు లేడు.

డల్లాస్_బావ:
ఇక్కడ ఆర్గానిక్ గ్యాలన్ల మీద అల్ట్రా పాశ్చరైజ్డ్ అని ఉంటుంది. అది బయట పెట్టొచ్చా?

ల్యాబ్_మాస్టారు:
వద్దు. వేడి దాదాపు అంతే కానీ నింపడం అలా కాదు. ఫ్రిజ్‌లోనే.

కూకట్‌పల్లి_కోడలు:
గ్లాసు పరీక్ష చేశాను. టెట్రా పాలు మూడో రోజు పొద్దునకి గడ్డలు గడ్డలుగా అయ్యి చేదు వాసన వచ్చింది. మా వారికి మందు లేదని నమ్మకం కుదిరింది. అత్తయ్య మాత్రం వాసన చూసి, "ఇవి పులవడం కూడా రాని పాలు" అన్నారు!

ల్యాబ్_మాస్టారు:
అత్తగారి ముక్కు గట్టిది. పులిపించే క్రిములు అందులో మిగలలేదు, గాలిలోంచి పడ్డ వేరేవి కుళ్లబెట్టాయి. అందుకే తెరిచిన డబ్బాని పుల్లదనం చూసి నిర్ణయించకండి. ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడేయండి. ఉబ్బిన డబ్బా వస్తే తెరవకుండానే పారేయండి.

కూకట్‌పల్లి_కోడలు:
సరేనండీ. ఐదుకే అలారం పెట్టుకున్నాను. పాలాయనని మందు సంగతి అడుగుతానంటే అత్తయ్య వద్దంటున్నారు, ఆయన నొచ్చుకుంటాడట.

నాలుగు_గేదెలు:
నొచ్చుకుంటే మానేయండమ్మా.